పన్నెండు మీటర్ల నీరు: ఏ లెక్కకు ఏ సూత్రం

మూడంతస్తుల ఇంటి మీద ఉన్న ట్యాంకులో నీటి మట్టం, కింది కుళాయి కంటే 12 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. ఫ్లూయిడ్ మెకానిక్స్ నోట్సు తిరగేస్తే ఈ 12 మీటర్లకు మూడు జవాబులు కనిపిస్తాయి. కుళాయి కట్టి ఉంటే అక్కడి నీటి పీడనం 117.7 కిలోపాస్కల్స్. కుళాయి తెరిచి, పైపులో ఘర్షణే లేదనుకుంటే, నీరు సెకనుకు 15.3 మీటర్ల వేగంతో చిమ్మాలి. మధ్యలో ఉన్న 25 మిల్లీమీటర్ల పైపును, దాని వంపులను కూడా లెక్కలోకి తెస్తే ఆ వేగం సెకనుకు 2.8 మీటర్లకు పడిపోతుంది. మూడూ సరైన జవాబులే. అడిగిన ప్రశ్న వేరు కాబట్టి సూత్రం వేరు. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులకు ఈ సబ్జెక్టులో మార్కులు పోయేది ఎక్కువగా గుణకారాల దగ్గర కాదు, ఈ మూడింటిలో దేన్ని అడిగారో తేల్చుకునే చోట.

నోట్సులో లెక్కలు అధ్యాయాల వరసలో ఉంటాయి, పరీక్ష పేపర్లో ఆ వరస ఉండదు. అందుకే లెక్కలను అధ్యాయం పేరుతో కాక, ఒక్కో సూత్రం ఏ షరతు మీద నిలబడిందో చూసి విడదీసుకోవడం మేలు. నీరు కదులుతోందా, నిలిచి ఉందా అన్నది మొదట చూడాలి. కదులుతుంటే ఘర్షణను పట్టించుకోవాలా, వదిలేయాలా అన్నది తర్వాత. చివరికి అడిగింది వేగమా, బలమా, సామర్థ్యమా అన్నది. ఈ మూడూ తేలేసరికి చేతిలో సాధారణంగా ఒక్క సూత్రమే మిగులుతుంది.

నిలిచిన నీరు

నీరు కదలకపోతే లెక్కంతా ఒక్క సూత్రంలో ఉంది:

p = ρgh

ఇక్కడ ρ నీటి సాంద్రత, ఘనమీటరుకు 1000 కిలోగ్రాములు. g గురుత్వ త్వరణం, 9.81. h నీటి ఉపరితలం నుంచి ఆ బిందువు వరకు నిలువు లోతు. 1000 × 9.81 × 12 = 1,17,720 పాస్కల్స్, అంటే 117.7 కిలోపాస్కల్స్. పైపు ఎన్ని వంపులు తిరిగినా, ఎంత సన్నగా ఉన్నా, నీరు నిలిచి ఉన్నంతసేపు ఈ అంకె మారదు. లెక్కలో పైపు వ్యాసం, పొడవు ఇచ్చి కుళాయి మూసి ఉందని చెబితే, ఆ రెండు వివరాలూ వాడాల్సిన పని లేదు. ఇచ్చిన ప్రతి అంకెనూ ఎక్కడో ఒకచోట వాడి తీరాలన్న అలవాటే ఇలాంటి లెక్కల్లో దారి తప్పిస్తుంది.

ఇప్పుడు ప్రమాణాల పరీక్ష. సూత్రంలో అంకెల బదులు ప్రమాణాలనే పెట్టి గుణించాలి:

(kg/m³) × (m/s²) × m = kg/(m·s²)

పాస్కల్ అంటే చదరపు మీటరుకు ఒక న్యూటన్. న్యూటన్ అంటే kg·m/s². దాన్ని m² తో భాగిస్తే వచ్చేది kg/(m·s²). రెండు వైపులా ఒకటే కాబట్టి సూత్రాన్ని సరిగ్గానే రాసినట్టు. ఈ పరీక్షకు అర నిమిషం పట్టదు, కానీ ఒక మామూలు పొరపాటును వెంటనే పట్టిస్తుంది. కొన్ని పుస్తకాలు నీటికి 1000 kg/m³ సాంద్రత బదులు, 9810 N/m³ విశిష్ట భారం ఇస్తాయి. విశిష్ట భారంలో g ముందే కలిసి ఉంది. దాన్ని సాంద్రత అనుకుని మళ్లీ 9.81తో గుణిస్తే పీడనం దాదాపు పదింతలు వస్తుంది. ప్రమాణాలు రాసుకుంటూ వెళ్లిన విద్యార్థికి చివర్లో అదనంగా ఒక m/s² మిగిలి ఉండటం కనిపిస్తుంది. అంకెలు మాత్రమే గుణించిన వారికి ఏమీ కనిపించదు.

పీడనం ఒక బిందువు దగ్గర ఉండేది. నోట్సులో దీని తర్వాత వచ్చే లెక్క ఒక తలుపు మీద పడే మొత్తం బలం గురించి. కాలువ గేటు 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉండి, నీరు సరిగ్గా గేటు పై అంచు వరకు ఉందనుకుంటే, గేటు మీద పీడనం అంతటా ఒకటిగా ఉండదు. పై అంచున సున్నా, అడుగున గరిష్ఠం. కాబట్టి గేటు మధ్య బిందువు దగ్గరి లోతు, అంటే 1.5 మీటర్లు తీసుకోవాలి. బలం = 1000 × 9.81 × 1.5 × 6 = 88,290 న్యూటన్లు, అంటే 88.3 కిలోన్యూటన్లు. లోతు 3 మీటర్లని వేస్తే బలం సరిగ్గా రెట్టింపు వస్తుంది, ప్రమాణాలు మాత్రం చక్కగా సరిపోతాయి. ప్రమాణాల పరీక్షకు ఉన్న మొదటి హద్దు ఇదే. ఒక పొడవు బదులు మరో పొడవు వేస్తే అది పసిగట్టలేదు. ఇక ఈ బలం పనిచేసే చోటు, అంటే పీడన కేంద్రం, గేటు మధ్యలో ఉండదు. అడుగు వైపు పీడనం ఎక్కువ కాబట్టి అది కిందికి జరిగి, ఉపరితలం నుంచి 2 మీటర్ల లోతున ఉంటుంది. గేటు మధ్య బిందువు కంటే పైన పీడన కేంద్రం వచ్చిందంటే లెక్క ఎక్కడో తప్పిందని అర్థం.

కదిలే నీరు, ఘర్షణను వదిలేసిన లెక్కలు

కదిలే నీటి లెక్కల్లో మొదట పట్టుకోవలసింది సాతత్య సమీకరణం. పైపులోకి వచ్చినంత నీరు బయటికి పోవాలి:

Q = A₁v₁ = A₂v₂

పది సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పైపు ఐదు సెంటీమీటర్లకు సన్నబడితే, వెడల్పు భాగంలో సెకనుకు 1.5 మీటర్ల వేగంతో వచ్చే నీరు, సన్న భాగంలో 6 మీటర్ల వేగం అందుకుంటుంది. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది కనుక వేగం నాలుగింతలు. వ్యాసాల నిష్పత్తినే వాడేసి 3 మీటర్లు అని రాయడం పరీక్ష పేపర్లలో తరచూ కనిపించే తప్పు. ఈ పైపులో ప్రవాహం 0.0118 m³/s, అంటే సెకనుకు దాదాపు 11.8 లీటర్లు.

ప్రవాహానికి ప్రమాణాలు ఒక్కో రంగంలో ఒక్కోలా వాడతారు. బోరు మోటారు వాళ్లు లీటర్లలో చెబుతారు, నీటిపారుదల శాఖ క్యూసెక్కుల్లో చెబుతుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ వార్తల్లో క్యూసెక్కులు, టీఎంసీలు పక్కపక్కనే కనిపిస్తాయి. రెండూ ఒక రకం కొలతలు కావు. టీఎంసీ ఘనపరిమాణం, వంద కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు ప్రవాహం, సెకనుకు ఒక ఘనపుటడుగు. వీటిని కలిపేది కాలం. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి, వంద కోట్లను 86,400తో భాగిస్తే 11,574 వస్తుంది. జలాశయంలోకి అన్ని క్యూసెక్కుల వరద ఒక రోజంతా వస్తే ఒక టీఎంసీ చేరుతుంది. క్యూసెక్కులను టీఎంసీలతో నేరుగా పోల్చడం అంటే వేగాన్ని దూరంతో పోల్చడమే.

వేగం మారితే పీడనం కూడా మారుతుంది. ఆ లెక్కకు బెర్నౌలీ సమీకరణం కావాలి. డేనియల్ బెర్నౌలీ 1738లో ప్రచురించిన ‘హైడ్రోడైనమికా’ గ్రంథంతో ఆయన పేరు దీనికి స్థిరపడింది. నేటి నోట్సుల్లో ఇది ఇలా ఉంటుంది:

p/(ρg) + v²/(2g) + z = స్థిరాంకం

ఇందులో మూడు పదాలకూ ప్రమాణం మీటరే. p/(ρg)కి ప్రమాణాలు రాసి చూస్తే అన్నీ కొట్టుకుపోయి మీటరు మిగులుతుంది. v²/(2g) కూడా అంతే. అందుకే వీటిని హెడ్ అంటారు. ఒక సమీకరణంలో కూడికలో ఉన్న పదాలన్నిటికీ ఒకే ప్రమాణం ఉండాలన్నది ప్రమాణాల పరీక్షకు ప్రాణం. పీడనాన్ని పాస్కల్స్‌లోనే వదిలేసి పక్కన z మీటర్లను కలిపితే, ఆ కూడికకు అర్థమే లేదు.

ఈ సమీకరణాన్ని ట్యాంకుకు వర్తింపజేస్తే రెండో జవాబు వస్తుంది. ట్యాంకు పై మట్టం దగ్గర పీడనం వాతావరణానిది, నీటి వేగం దాదాపు సున్నా. కుళాయి మూతి దగ్గర కూడా పీడనం వాతావరణానిదే. మిగిలేది ఎత్తు, వేగం మాత్రమే:

v = √(2gh) = √(2 × 9.81 × 12) = 15.3 m/s

ఇటలీ శాస్త్రజ్ఞుడు టోరిచెల్లి పేరుతో ప్రసిద్ధమైన సూత్రం ఇది. ట్యాంకు గోడకు చిల్లు పడి నీరు నేరుగా బయటికి చిమ్మే లెక్కల్లో ఇది నిజానికి చాలా దగ్గరగా ఉంటుంది. పొడుగాటి పైపు మధ్యలో ఉంటే మాత్రం కాదు. ప్రశ్నలో ‘నష్టాలను ఉపేక్షించండి’ అన్న మాట ఉందో లేదో చూడాలి. ఉంటే బెర్నౌలీతో సరి. లేకుండా, పైపు పొడవు, ఘర్షణ గుణకం ఇచ్చారంటే, వేరే వర్గంలోకి వెళ్లాలి.

సన్నబడిన పైపు దగ్గర సాతత్యం, బెర్నౌలీ రెండూ కలుస్తాయి. వెంచురీమీటరు లెక్కలన్నీ ఈ కోవలోవే. పైన చెప్పిన పైపు అడ్డంగా ఉందనుకుంటే, వేగం 1.5 నుంచి 6కు పెరిగినందుకు పీడనం ½ × 1000 × (36 − 2.25) = 16,875 పాస్కల్స్ తగ్గుతుంది. నీటి హెడ్‌గా చెబితే అది 1.72 మీటర్లు. దీన్ని పాదరసం గొట్టంతో కొలిస్తే పాదరస మట్టాల తేడా ఎంత అన్నది తర్వాతి ప్రశ్న. పాదరసం నీటి కంటే 13.6 రెట్లు బరువు. కానీ గొట్టంలో పాదరసం మీద నీరే ఉంటుంది కనుక, భాగించాల్సింది 13.6తో కాదు, ఒకటి తీసేసిన 12.6తో. తేడా 13.7 సెంటీమీటర్లు. 13.6తో భాగిస్తే 12.6 సెంటీమీటర్లు వస్తుంది. రెండు అంకెలకూ ప్రమాణాలు లేవు కాబట్టి ప్రమాణాల పరీక్ష ఇక్కడా మౌనంగా ఉంటుంది. పాదరసం పైన ఏముందో బొమ్మ గీసుకుని చూడటం ఒక్కటే దీనికి మార్గం.

పైపులో ఘర్షణ

ఇక మూడో జవాబు. ట్యాంకు నుంచి కుళాయి వరకు 25 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న నున్నటి ప్లాస్టిక్ పైపు, పొడవు 30 మీటర్లు. ఘర్షణ వల్ల పోయే హెడ్‌ను డార్సీ–వైస్‌బాక్ సూత్రం ఇస్తుంది:

h_f = f (L/D) v²/(2g)

ఇక్కడ fకి ప్రమాణం లేదు, L/Dకీ లేదు, v²/(2g)కి మీటరు. జవాబు మీటర్లలోనే వస్తుంది. తొందరలో g రాయడం మరిచిపోతే m²/s² మిగిలి, తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

12 మీటర్ల హెడ్‌లో కొంత నీటి వేగానికి, కొంత పైపు ఘర్షణకు, కొంత ట్యాంకు మూతి, మోచేతి వంపులు, వాల్వుల దగ్గరి నష్టాలకు పోతుంది. ఈ చివరివాటికి కలిపి 5 అనే గుణకం తీసుకుంటే:

12 = (v²/2g) × (1 + 5 + f × 1200)

1200 అన్నది 30 మీటర్లను 0.025 మీటర్లతో భాగిస్తే వచ్చింది. చిక్కు ఎక్కడంటే, v కావాలంటే f తెలియాలి, f కావాలంటే v తెలియాలి. కాబట్టి మొదట ఒక అంచనాతో మొదలుపెట్టాలి. f = 0.025 అనుకుంటే బ్రాకెట్ విలువ 36, v = √(235.44/36) = 2.56 m/s. ఇప్పుడు ఆ అంచనా ఎంత సరైనదో రెనాల్డ్స్ సంఖ్యతో చూడాలి:

Re = vD/ν

ν నీటి గతిక స్నిగ్ధత. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది దాదాపు 0.000001 m²/s. Re = 2.56 × 0.025 / 0.000001 = 64,000. పైపుల్లో ఇది సుమారు 2000 లోపు ఉంటే నీరు పొరలు పొరలుగా సాగుతుంది, 4000 దాటితే సుడులు తిరుగుతుంది. ఇక్కడ సుడుల ప్రవాహమే అనడంలో సందేహం లేదు. నున్నటి పైపుకు, ఒక లక్ష లోపు రెనాల్డ్స్ సంఖ్యలకు బ్లాసియస్ ఇచ్చిన సూత్రం సరిపోతుంది:

f = 0.316 / Re^0.25

దీని ప్రకారం f = 0.0199. మొదట వేసిన 0.025 ఎక్కువైంది. 0.0199తో మళ్లీ చేస్తే v దాదాపు 2.8 m/s వస్తుంది. ఆ వేగంతో Re 70,000, f 0.0194. ఇంకోసారి చేసినా వేగం 2.8 దగ్గరే ఆగుతుంది. రెండు మూడు ఆవృత్తాలకు మించి అవసరం పడదు, ఎందుకంటే Re చాలా మారినా f కొద్దిగానే మారుతుంది. ప్రవాహం సెకనుకు 1.39 లీటర్లు. 15 లీటర్ల బకెట్టు 11 సెకన్లలో నిండుతుంది. ఇంట్లో పూర్తిగా తెరిచిన ఒక అంగుళం పైపు దగ్గర నమ్మదగిన అంకె ఇది. 15.3 m/s అయితే అదే బకెట్టు రెండు సెకన్లలో నిండాలి. అలా నిండదని చూసిన వారందరికీ తెలుసు. ఈ రకం అనుభవపు పరీక్షను ప్రమాణాల పరీక్షతో సమానంగా చూడాలి.

రెనాల్డ్స్ సంఖ్యలో ఒక ప్రమాణమూ మిగలకూడదు. v మీటర్లలో, D మిల్లీమీటర్లలో వేస్తే అది 7 కోట్లు అవుతుంది. ఇళ్ల పైపుల్లో ఈ సంఖ్య వేలల్లో, పదివేలల్లో ఉండటం మామూలు. కోట్లు కనిపిస్తే ప్రమాణాలు మళ్లీ చూసుకోవాల్సిందే. మరో చిక్కు స్నిగ్ధతది. సూత్రాన్ని ρvD/μ అని రాసినా, vD/ν అని రాసినా ఒకటే. కానీ రెండింటినీ కలిపి ρvD/ν అని రాస్తే kg/m³ మిగిలిపోతుంది. పాత పుస్తకాల్లో స్నిగ్ధత పాయిజ్‌లలో, స్టోక్స్‌లలో ఉంటుంది. ఒక పాయిజ్ అంటే 0.1 పాస్కల్-సెకను, ఒక స్టోక్స్ అంటే 0.0001 m²/s. లెక్క మొదలుపెట్టక ముందే వీటిని మార్చేసుకోవాలి, మధ్యలో కాదు.

బలం, సామర్థ్యం

నీటి ధార పలక మీదో, పైపు వంపు మీదో చూపే బలాన్ని అడిగితే బెర్నౌలీ ఒక్కటే చాలదు, ద్రవ్యవేగ సూత్రం కావాలి. ధార నిలబెట్టిన పలకను నిటారుగా తాకితే F = ρAv². ఐదు సెంటీమీటర్ల ధార, 6 m/s వేగానికి ఇది 70.7 న్యూటన్లు. పలక కూడా కదులుతుంటే v బదులు వేగాల తేడా వాడాలి. దీని ప్రమాణాల పరీక్షను పాఠకులు తామే చేసి చూడవచ్చు, న్యూటనే మిగులుతుంది.

సామర్థ్యం అడిగితే సూత్రం P = ρgQH/η. బోరు నుంచి సెకనుకు 2 లీటర్ల నీటిని, ఘర్షణ నష్టాలతో కలిపి 60 మీటర్ల హెడ్ మీద ఎత్తాలంటే, 1000 × 9.81 × 0.002 × 60 = 1177 వాట్లు కావాలి. పంపు, మోటారు కలిపి దక్షత 50 శాతం అనుకుంటే కరెంటు నుంచి 2354 వాట్లు తీసుకోవాలి, అంటే దాదాపు 3.2 హార్స్‌పవర్. 2 లీటర్లను 0.002 ఘనమీటర్లుగా మార్చకుండా 2 అనే వేస్తే జవాబు వేయి రెట్లు పెరిగి, ఒక బోరుకు వేల హార్స్‌పవర్ల మోటారు కావాలని తేలుతుంది. ఇక్కడ దక్షతతో భాగించాలా, గుణించాలా అన్న సందేహం చాలామందికి వస్తుంది. పంపు తీసుకునే సామర్థ్యం ఎప్పుడూ నీటికి అందేదాని కంటే ఎక్కువే. టర్బైన్‌లో నీరే ఇచ్చేది కాబట్టి, బయటికి వచ్చేది తక్కువ. అంతే గుర్తుంచుకుంటే చాలు.

మితులు ఏం చెబుతాయి, ఏం చెప్పలేవు

ప్రమాణాల పరీక్షను వెనక నుంచి ముందుకు నడిపితే మితి విశ్లేషణ అవుతుంది. చేతిలో ఉన్న సూత్రాన్ని సరిచూడటం కాక, మరిచిపోయిన సూత్రపు రూపాన్ని రాబట్టడం. ద్రవ్యరాశి, పొడవు, కాలాలకు M, L, T అనే గుర్తులు పెట్టుకుంటారు. ట్యాంకు చిల్లు నుంచి చిమ్మే నీటి వేగం సాంద్రత, గురుత్వం, ఎత్తుల మీద ఆధారపడుతుందని మాత్రమే తెలుసనుకుందాం:

v = C ρ^a g^b h^c

ఎడమ వైపు L T⁻¹. కుడి వైపు M అన్నది సాంద్రతలో ఒక్కదాంట్లోనే ఉంది. ఎడమ వైపు M లేదు కాబట్టి a = 0. కాలం ఘాతాలు సరిపోవాలంటే −2b = −1, కాబట్టి b = ½. పొడవు ఘాతాలు సరిపోవాలంటే b + c = 1, కాబట్టి c = ½. అంటే v = C√(gh). ఒక్క ప్రయోగం చేయకుండానే, అదే ఎత్తు నుంచి నీరైనా, పాదరసమైనా ఒకే వేగంతో చిమ్ముతాయని తేలిపోయింది. స్నిగ్ధతను జాబితాలో చేర్చలేదన్న షరతు మీద మాత్రమే ఇది నిజం. జిగట ఎక్కువున్న నూనెకు అది వర్తించదు. C విలువ √2 అన్న సంగతి మితులు ఎప్పటికీ చెప్పవు. దానికి బెర్నౌలీనో, ప్రయోగాన్నో ఆశ్రయించాలి.

పైపు ఘర్షణకు వచ్చేసరికి రాశులు ఎక్కువ. పీడన నష్టం, పొడవు, వ్యాసం, సాంద్రత, వేగం, స్నిగ్ధత, పైపు గరుకుదనం కలిసి ఏడు. ఎడ్గార్ బకింగ్‌హామ్ 1914లో రాసిన వ్యాసంతో ప్రసిద్ధమైన సిద్ధాంతం ప్రకారం, ఏడు రాశుల్లో మూడు మూల మితులుంటే, ప్రమాణాలు లేని నాలుగు సమూహాలు మిగులుతాయి. అవి Δp/(ρv²), L/D, రెనాల్డ్స్ సంఖ్య, గరుకుదనాన్ని వ్యాసంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి. పొడవు రెట్టింపైతే నష్టమూ రెట్టింపవుతుంది కాబట్టి, చివరికి f అన్నది రెనాల్డ్స్ సంఖ్య, గరుకుదనం నిష్పత్తి అనే రెండింటి మీదే నిలుస్తుంది. 1944లో లూయిస్ మూడీ ప్రచురించిన పటంలో కనిపించేది అదే. ప్రయోగశాలలో సన్నటి గొట్టంలో సాగిన నీరు, వందల కిలోమీటర్ల పైపులో సాగే ముడి చమురు ఒకే పటం మీద చోటు సంపాదించుకోవడానికి కారణం ఈ విశ్లేషణే. ఇందులో విద్యార్థి జాగ్రత్త పడాల్సింది జాబితా తయారీ దగ్గర. ఒక రాశిని మరిచిపోతే గణితం ఎక్కడా అభ్యంతరం చెప్పదు, తప్పు జవాబును కూడా శుభ్రంగా ఇచ్చేస్తుంది.

మితులకు లొంగని సూత్రాలూ ఉన్నాయి. కాలువల్లో వేగానికి వాడే మ్యానింగ్ సూత్రం v = (1/n) R^(2/3) S^(1/2) అలాంటిది. R మీటర్లలో, S వాలు. కుడి వైపు ఎక్కడా కాలం లేదు, ఎడమ వైపు ఉంది. n పట్టికలో మామూలు అంకెలా కనిపించినా, సూత్రం మీటర్లకు, సెకన్లకు కట్టుబడి ఉంది. అడుగుల్లో వాడాలంటే 1 స్థానంలో 1.486 పెట్టాలి. పరిశీలనల నుంచి కూర్చిన ఇలాంటి సూత్రాలకు ప్రమాణాల పరీక్ష పెట్టి తప్పని కొట్టేయకూడదు, పుస్తకంలో చెప్పిన ప్రమాణాలనే తు.చ. తప్పకుండా వాడాలి.

అన్నిటికంటే నష్టం చేసేది fకి ఉన్న రెండు అర్థాలు. మన దేశంలో బాగా చదివే కొన్ని పుస్తకాల్లో ఘర్షణ సూత్రం h_f = 4fLv²/(2gD) అని ఉంటుంది. అందులోని f, పైన వాడిన fలో నాలుగో వంతు. పొరలుగా సాగే ప్రవాహానికి ఆ పుస్తకాలు 16/Re అంటాయి, మిగతావి 64/Re అంటాయి. బ్లాసియస్ సూత్రంలో కూడా 0.316 బదులు 0.079 ఉంటుంది. ఒక పుస్తకం f తీసుకుని మరో పుస్తకం సూత్రంలో వేస్తే, ఘర్షణ నష్టం నాలుగు రెట్లు పెరుగుతుంది లేదా నాలుగో వంతుకు తగ్గుతుంది. రెంటికీ ప్రమాణాలు లేవు కాబట్టి ఏ పరీక్షా దీన్ని పట్టుకోలేదు. పటం నుంచి f చదివే ముందు, పొరల ప్రవాహపు గీత 64/Reకి గీసిందా, 16/Reకి గీసిందా చూసుకుని, ఆ సంగతిని నోట్సు మొదటి పేజీలోనే రాసి పెట్టుకోవాలి.